మీ పండుగ, మా పండుగ, మన పండుగ

పండుగ శుభాకాంక్షలను సిద్ధవాక్యాలలో పంపుకొనడం సెల్‌ఫోనుతో పుట్టిన అలవాటని పలువురు భావిస్తున్నారు. అది నిజం కాదు. తంతి తపాలా శాఖవారు వెనుకటి రోజులలో శుభాకాంక్షల తంతులకు అంకెలు ఏర్పాటు చేసి ఉంచేవారు. దీపావళికి ఒక అంకె, ఈద్‌కు ఒక అంకె, క్రిస్మస్‌కు ఒక అంకె, పెండ్లికి ఒకటి, పరీక్షలో ఉత్తీర్ణతకు ఒకటి. పంపదలచినవారు చిరునామా వ్రాసి, కావలసిన అంకెను సూచిస్తే చాలును. ఆవలి ఊరి కార్యాలయంలో ఆ అంకెకు చెందిన వాక్యాన్ని పూర్తిగా వ్రాసి తంతి జవాను చేతికి ఇచ్చేవారు. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసినది. కాని అటువంటి తంతి కాగితం ఒకటి మా దాదాగారి ఇనుప పెట్టెలో నేటికీ భద్రంగా ఉన్నది. అందులోని వాక్యం ఊరూరా ఎందరికో అందిన వాక్యమే. అయినను దానిని ఆయన దాచుకొన్నారు.

ఎందుచేత దాచుకొన్నారు? వాక్యం అరువుది కావచ్చును గాని చిరునామా అరువుది కాదు. ఒక మిత్రుడు తంతి కార్యాలయానికి నడచి వెళ్ళి, డబ్బు చెల్లించి, ఈ ఒక్క మనిషి పేరు వ్రాశాడు. కనుక సిద్ధవాక్యమే దోషమని నేననను. ‘ఈద్ ముబారక్’ అనేది కూడ తరతరాలుగా వచ్చిన సిద్ధవాక్యమే గదా! ఎవరికి చెప్పుచున్నామో తెలియకపోవుటయే దోషమని నా అభిప్రాయం. వాట్సాప్ బృందంలో ఈ దోషం అతి సులభంగా ప్రవేశిస్తుంది. అక్కడ చిరునామా వ్రాయనవసరం లేదు, ఖర్చు లేదు, ఒకే మాట అందరి చేతిలోనికి ఒకేసారి వెళ్ళును. ఆ అందరూ ఒకే మతమువారు, ఒకే స్థితిలో ఉన్నవారు కానప్పుడు ఏమి జరుగునో ఒక ఉదాహరణ మూలంగా విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచినాను.

నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదివిన నాటి సహపాఠుల బృందం ఒకటి నేటికీ కొనసాగుతున్నది. మొత్తం 23 మందిమి. అందులో ముస్లింలం నలుగురం, క్రైస్తవులు ముగ్గురు, ఏ మతాచారాన్నీ పాటించని వాడు ఒకడు, తక్కినవారు హిందువులు. నలుగురు ముస్లింలలో ఒకడు జిద్దాలో ఉద్యోగం చేయుచున్నాడు. ఈ బృందంలో 2025 మార్చి 30వ తేదీ, ఆదివారం నాటి ఉదయాన్ని పరిశీలిద్దాం.

ఆనాడు విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ముందురోజు అమావాస్య. ఫాల్గుణ అమావాస్య తరువాతి పాడ్యమి తెలుగువారికి సంవత్సరాది. అమావాస్య వెళ్ళిన పిమ్మట పడమట కనబడే తొలి నెలవంక ముస్లింలకు మాసారంభం. రెండు గణనలకూ ఆధారం చంద్రుడే. కాని తెలుగువారు అధికమాసాన్ని కలుపుకొని ఉగాదిని వసంతంలోనే నిలుపుకొంటారు. హిజ్రీ గణనలో అధికమాసం లేనందున ఈద్ ఏటేటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుచుండును. ఆ విధంగా జరుగుచూ వచ్చి కొన్ని సంవత్సరాలలో రెండు పండుగలూ ఇరుగుపొరుగున నిలుస్తాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈద్ ఏప్రిల్ 11న వచ్చినవి. 2025లో ఆ దూరం ఒక్క రోజుకు తగ్గినది.

అంతటితో చిక్కు ముగియలేదు. సౌదీ అరేబియాలో రంజాన్ మాసం మనకంటె ఒక రోజు ముందు, మార్చి 1న ప్రారంభమైనది. అందుచేత జిద్దాలోని మా మిత్రునికి మార్చి 30 ఈద్ దినం. ఇక్కడ మార్చి 2న ప్రారంభించిన మాకు అది ఇరవై తొమ్మిదవ రోజా. సాయంకాలం నెలవంక కనబడితే మరునాడు ఈద్, లేకుంటే ఇంకొక రోజా. అనగా ఆ ఉదయం ఒకే బృందంలో కొందరి ఇండ్లలో ఉగాది పచ్చడి కలుపుచున్నారు, ఒకడు ఈద్ నమాజు ముగించి సేమియా తినుచున్నాడు, ముగ్గురు ఉపవాసంలో ఉన్నారు. ఇవిగాక మరొక ఇల్లు ఉన్నది. మా సహపాఠిని ఒకామె తండ్రిగారు ఆ జనవరిలోనే గతించారు. ఏడాది తిరిగి సంవత్సరీకాలు జరిగేవరకు ఆమె పుట్టింట పండుగ లేదు.

ఆ ఉదయం ఆరు గంటలకు మొదలైన శుభాకాంక్షలు పదకొండు గంటలలోపుగా 37 వచ్చినవి. లెక్కించి చూచినాను. వాటిలో పంపినవారు స్వయంగా వ్రాసినవి రెండు మాత్రమే. మిగిలినవి బొమ్మలు, ఎక్కడినుండియో మలుపబడి వచ్చిన పద్యాలు, వాక్యాలు. మామిడాకుల తోరణం, పచ్చడి గిన్నె ఉన్న ఒక బొమ్మ అడుగున నగల దుకాణపు ప్రకటన ఉన్నది. ఒక వాక్యం చివర మాకెవ్వరికీ తెలియని దంపతుల పేర్లు ‘ఇట్లు’ అని నిలిచి ఉన్నవి. నకలు చేసినవాడు వాటిని తొలగించుట మరచినాడు. ‘ఉగాది మరియు ఈద్ ముబారక్’ అని కలిపి వ్రాసిన బొమ్మలు నాలుగు వచ్చినవి. ఉపవాసంలో ఉన్నవారికి అవి ఒక రోజు ముందు వచ్చినవి. జిద్దా మిత్రునికి సరిగా ఆ రోజుననే చేరినవి గాని, పంపిన నలుగురిలో ఒక్కనికైనను అతడు గుర్తుండి పంపినట్లు తోచదు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆ సహపాఠిని ఒక్క వాక్యం వ్రాసినది. “ఈ ఏడు మా ఇంట పండుగ లేదు, మీరందరూ చేసుకోండి” అని. ఆ తరువాత మరి పదకొండు బొమ్మలు వచ్చినవి. ‘మీ ఇంట సిరిసంపదలు వెల్లివిరియాలి’ అన్నది వాటిలో ఒకటి. జనవరిలో సంతాపం తెలిపినవారే ఆ బొమ్మలను పంపినవారు. వారిలో ఎవరికీ దుర్బుద్ధి లేదు. వారు ఆమె వాక్యాన్ని చదువనే లేదు. చదువకుండగనే పంపగలిగిన వస్తువు చేతిలో ఉన్నందున పంపినారు. ఆమె మాట బొమ్మల వరుసలో పైకి జరిగి కనుమరుగైనది. ఆ తరువాత చాల నెలలు ఆమె బృందంలో మాట్లాడలేదు.

మన విద్యార్థులలో ముస్లింలు ఈ ఆచారాన్ని ప్రత్యేకంగా తెలిసికొనవలసి ఉన్నది. మన ధర్మంలో మరణానికి సంతాపం మూడు రోజులు. భర్తను కోల్పోయిన స్త్రీకి మాత్రం నాలుగు నెలల పది రోజుల ఇద్దత్. ఇంటిలో మరణం సంభవించినను ఈద్ నమాజు ఆగదు. కనుక ఏడాదిపాటు పండుగ మానుకొనే ఇల్లు ఉంటుందనే ఊహ మనకు సహజంగా రాదు. ఎదుటివారి ఆచారం తెలియకపోవుట తప్పు కాదు గాని, వారే చెప్పిన వాక్యాన్ని చదివియుంటే ఆ ఆచారం ఆనాడే తెలిసి ఉండెడిది.

ఇక్కడ తెలుగు వ్యాకరణం మనకు ఒక ఉపకారం చేయుచున్నది. ఉత్తమ పురుష బహువచనంలో మనకు రెండు మాటలున్నవి. ‘మేము’ అన్నప్పుడు వినువాడు బయట ఉంటాడు. ‘మనము’ అన్నప్పుడు వినువాడు లోపలికి వస్తాడు. ఉర్దూలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. ‘హమారీ ఈద్’ అన్నప్పుడు అది ‘మా ఈద్’ అగునో ‘మన ఈద్’ అగునో సందర్భాన్ని బట్టి గ్రహించవలెను. తెలుగులో వ్రాసేవాడు మాత్రం ఆ తలుపు తెరచి ఉంచెదనో మూసి ఉంచెదనో ముందుగానే నిశ్చయించుకొనక తప్పదు. రెండు భాషలూ ఉన్న మన కళాశాలలో ఈ భేదం ప్రతి తరగతిలోనూ కనిపించును.

పండుగ సందేశానికి ఈ భేదాన్ని అన్వయించి చూడండి. ఉగాది తెలుగువారి సంవత్సరాది. తెలుగు నా మాతృభాష కాకపోయినను నా చదువు, నా వృత్తి అదే. కాబట్టి ‘మన సంవత్సరాది’ అనే మాటను నేను సంకోచం లేకుండ అనగలను. ఆనాటి పూజ విషయంలో ‘మన’ అంటే అది నిజం కాదు. అక్కడ ‘మీ’ అనడమే మర్యాద. ఒకే రోజులో సంవత్సరం ‘మనది’, పూజ ‘మీది’. ఈద్ నాడు హిందూ మిత్రుడు ‘మీ పండుగ’ అనడంలో దూరం ఏమియు లేదు; అది ఉన్న మాట. ‘మీవాళ్ళ పండుగ’ అన్నప్పుడు మాత్రం దూరం ఏర్పడును. ఎదుట ఉన్న మనిషిని విడిచి అతని వెనుక ఉన్న జనసమూహంతో మాట్లాడినట్లగును. ‘మా పండుగ’ అని నేనన్నప్పుడు తలుపు మూసినట్లే. వెంటనే ‘మా ఇంటికి రండి’ అంటే ఆ తలుపు తిరిగి తెరచుకొనును. బృందంలో ‘మీకు’ అనే ఒక్క మాటకు 23 అర్థాలున్నవి. ఆ ‘మీరు’ ఎవరో వాక్యంలోనే చెప్పవలెను.

ఆ ఉదయానికి ఎవరైనను సాధారణంగా వ్రాసే సందేశం ఈ విధంగా ఉండును: “మిత్రులందరికీ ఉగాది, రంజాన్ శుభాకాంక్షలు. అందరి ఇండ్లలో సుఖసంతోషాలు నిండాలి.” ఇందులో వ్యాకరణ దోషం లేదు, ద్వేషం లేదు. ఇతర మతాన్ని విస్మరించలేదు కూడ. అయినను ఇది ఆ రోజుకు సరిపడదు. ఇక్కడ ఈద్ ఇంకా రాలేదు. ‘అందరి ఇండ్లు’ అన్నప్పుడు పండుగ లేని ఇల్లు కూడ అందులో చేరినది. పైగా దీనిని ఏ బృందానికైనను పంపవచ్చును. స్వయంగా వ్రాసినప్పటికీ ఇది నకలే.

నేను ఆ ఉదయం ఏడు గంటలకు పంపిన సందేశం ఇది:

“విశ్వావసు ఉగాది జరుపుకొంటున్న మిత్రులకు శుభాకాంక్షలు. జిద్దాలో ఈ రోజే ఈద్ చేసుకొంటున్న మనవాడికి ఈద్ ముబారక్. ఇక్కడ మేము ముగ్గురం ఇరవై తొమ్మిదో రోజాలో ఉన్నాం. సాయంత్రం చంద్రుడు కనబడితే రేపు మాకూ ఈద్. ఉగాది పచ్చడి ఎవరైనా పొద్దు గూకే దాకా దాచిపెడితే ఇఫ్తారుకు వచ్చి తింటాం.”

ఇందులో కవిత్వమేమియు లేదు. చేసిన పని ఇంతే. ‘జరుపుకొంటున్న మిత్రులకు’ అనడంచేత జరుపుకొననివారు ఎవరైనను, వారి కారణం ఏదైనను, వాక్యం వెలుపల నెమ్మదిగా ఉండగలరు. ఎవరిపేరూ ఎత్తకయే వారికి చోటు విడిచినట్లయినది. మతాచారం పాటించని మిత్రునికీ అదే వాక్యం సరిపోయినది. జిద్దా మిత్రునికి ‘మనవాడు’ అన్న మాట చేరినది. దూరదేశంలో ఒంటరిగా పండుగ చేసుకొనేవానికి ఆ ‘మన’ అవసరం. మా ముగ్గురికి ‘మేము’ అన్నాను, ఎందుకనగా ఉపవాసం ఇతరులది కాదు. చివరి వాక్యం తలుపు తెరచినది. ఆ సాయంకాలం ఒక మిత్రుడు పచ్చడి గిన్నెతో మా ఇంటికి వచ్చాడు. ఖర్జూరంతో రోజా విప్పి, వేపపువ్వు చేదు నాలుకకు తగులగా అందరం నవ్వుకొన్నాం. కొంతసేపటికి నెలవంక కనబడిన వార్త వచ్చినది. హైదరాబాదువారి అలవాటు చొప్పున ‘చాంద్ ముబారక్’ అనుకొన్నాం. బృందంలో ఈద్ శుభాకాంక్షలకు తగిన సమయం అదియే, ఆ ఉదయం కాదు.

తండ్రిని కోల్పోయిన సహపాఠినికి బృందంలో నేనేమియు వ్రాయలేదు. అందరి నడుమ ఆమె దుఃఖాన్ని ప్రస్తావిస్తే అది ప్రదర్శనగా మారును. పండుగ చేసుకొంటున్నవారు తమ సంతోషానికి క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చును. విడిగా ఆమెకు ఇట్లా వ్రాశాను: “ఈ రోజు బృందంలో శుభాకాంక్షలు వస్తూనే ఉంటాయి. మీరు వాటిని చూడనవసరం లేదు, జవాబు అవసరం లేదు. పరీక్షల సమయంలో నాన్నగారు మనందరినీ మీ ఇంట కూర్చోబెట్టి భోజనం పెట్టించిన రోజు గుర్తుకు వచ్చింది.” రాత్రి ఆమె జవాబు వచ్చినది. “ప్రతి ఉగాదికీ వేపపువ్వు నాన్నే కోసుకొచ్చేవారు. ఈ పొద్దున ఆ చెట్టు నిండా పూత ఉంది” అని మాత్రమే వ్రాసినది. పండుగ నాడు ఆమె చెప్పదలచిన మాట అది. అది చెప్పుకొనే చోటు ఆ 37 సందేశాలలో ఎక్కడా లేకపోయినది.

శుభాకాంక్షలు అసలే పంపరాని దినాలు కొన్ని ఉన్నవి. క్యాలెండరులో ఎర్ర అంకె కనబడగానే ‘హ్యాపీ’ అని వ్రాసేవారు ఇక్కడ పొరపడుచున్నారు. మొహర్రం పదవనాడు కర్బలాలో ఇమాం హుస్సేన్ అమరులైన దినం. షియాలకు అది శోకదినం. సున్నీలలో అనేకులు ఉపవాసం ఉంటారు. 2025లో అది జూలై 6న వచ్చినది. తెలుగు పల్లెలలో పీర్ల పండుగ అన్న పేరుతో హిందువులు కూడ పీర్లను ఎత్తుకొని అగ్నిగుండం చుట్టూ తిరుగుదురు గనుక, ‘పండుగ’ అన్న పేరు విని శుభాకాంక్షలు పంపడం కొందరికి సహజంగా తోచును. పల్లెవారు ఆ పండుగ అన్న మాటను ఉత్సవమనే అర్థంలో వాడుచున్నారు; శోకించువారికి దానిని ‘హ్యాపీ’తో జతచేసి పంపితే గాయపడుదురు. అదే విధంగా గుడ్ ఫ్రైడే క్రీస్తు సిలువ వేయబడిన దినం. ఆ పేరులోని ‘గుడ్’ పవిత్రమనే పాత అర్థంలో వచ్చినది, సంతోషమని కాదు. ఆనాడు క్రైస్తవ మిత్రులు ఉపవాసంతో ఆలయంలో ఉంటారు. ఏమైనను వ్రాయవలెనని తోచితే “ఈ రోజు మీ ప్రార్థనలో గడుస్తుందని తెలుసు, ఆదివారం కలుస్తాం” అంటే సరిపోవును. శుభాకాంక్షలు ఈస్టర్ ఆదివారానికి.

పేర్ల విషయంలో మాత్రం కాఠిన్యం పనికిరాదు. ఈద్-ఉల్-ఫితర్‌ను తెలుగువారు ‘రంజాన్ పండుగ’ అంటారు. రంజాన్ నెల పేరు, పండుగ ఆ నెల ముగిసిన తరువాత వచ్చునని మనకు తెలుసును. అయినను ఒక హిందూ మిత్రుడు ఈద్ నాడు ‘రంజాన్ శుభాకాంక్షలు’ అని వ్రాసినప్పుడు దానిని సరిదిద్దబూనడం సరికాదు. అతడు తన ఊరివాడుక ప్రకారం సరిగానే అన్నాడు. ‘ఖైర్ ముబారక్’ అని జవాబివ్వడం మన వంతు.

ఇక అందరినీ కలుపుకొనే ఉద్దేశంతో వచ్చే మరొక విధమైన సందేశం ఉన్నది. గుడి, మసీదు, చర్చి ఒకే బొమ్మలో ఉండి, అడుగున మతసామరస్యాన్ని గూర్చిన వాక్యం ఉండును. ఇది ఆగస్టు 15న వస్తే నాకు సంతోషమే. కాని ఇది అధికంగా ఈద్ నాడు వచ్చును. సంక్రాంతి నాడు ముగ్గులు, గొబ్బెమ్మలు, పతంగులు. దీపావళి నాడు దీపాలు. ఈద్ నాడు మాత్రం సమైక్యతా సందేశం! పంపినవారి మనసు మంచిదే. అయినను పుచ్చుకొన్నవారికి కలుగు భావమేమనగా, ఇతరుల పండుగ పండుగగా ఉన్నది, మా పండుగ ఒక సమస్యకు పరిష్కారంగా ఉన్నది అని. ఈద్ నాడు మాకు సేమియా గురించి, కొత్త బట్టల గురించి, పిల్లల ఈదీ డబ్బుల గురించి అడగండి. ఆ రోజు మేము కూడ కేవలం పండుగ చేసుకొనదలచినాము.

ఇదే న్యాయం మనకూ వర్తించును. ఇతర మతాల ఆరాధనా వాక్యాలు ఉచ్చరించుటకు కొందరు ముస్లిం విద్యార్థులకు మనస్కరించకపోవచ్చును. అది వారి హక్కు. అప్పుడు తాము నిండు మనసుతో అనగలిగిన మాట వెదకుకొనవలెను. ఎదుటివారి ఆరోగ్యం, వారి పిల్లల చదువు, వారి పంట, ఇంటికి వచ్చిన బంధువులు, ఇవన్నీ ఎవరైనను కోరదగినవే. తమ సంకోచాన్ని మాత్రం పండుగ రోజున బృందంలో ప్రకటించరాదు. ‘నేను ఫలానా మాట అనను గాని’ అని మొదలైన శుభాకాంక్ష శుభాకాంక్ష కాదు.

ఉగాది తరువాత మా బృందంలో ఒక ఏర్పాటు చేసికొన్నాం. ప్రతి పండుగకు ఒక్కరే సందేశం వ్రాయవలెను, తక్కినవారు దాని క్రిందనే తమ మాట చేర్చవలెను, బొమ్మలు వద్దు. వ్రాసేవారు ఆ పండుగ లేనివారై ఉండవలెను. వ్రాయుటకు ముందు ఆ పండుగ ఉన్న ఒకరిని మూడు సంగతులు అడగవలెను. మీరు దీనిని ఏమని పిలుస్తారు? మీకు అది ఏ గడియలో మొదలగును? ఈ ఏడు మనవారిలో ఎవరింటనైనను పండుగ లేదా? మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబును బృందంలో వ్రాయరాదు. వాక్యం కూర్పులో మాత్రం అది కనిపించవలెను.

ఆ సంవత్సరం ఆగస్టు 27న వినాయక చవితికి ఒక క్రైస్తవ మిత్రుడు వ్రాశాడు. పత్రి కోసం మేమందరం వసతిగృహం వెనుక తుప్పలలో తిరిగిన రోజును అతడు గుర్తు చేశాడు. డిసెంబరులో క్రిస్మస్ వంతు నాది. అడుగగా తెలిసినదేమనగా, మా ముగ్గురు మిత్రులకు పండుగ అర్ధరాత్రి ఆరాధనతోనే మొదలగును. వారిలో ఒకరు ఆ రాత్రి ఆలయంలో పాటల బృందాన్ని నడుపుచున్నారు. “నక్షత్రం వేలాడగట్టిన మూడు ఇండ్లకూ క్రిస్మస్ శుభాకాంక్షలు. ఈ రాత్రి పాట నడిపించేవారి గొంతు చల్లగాలికి చెడకుండా ఉండుగాక. మిరియాల పాలు తాగి వెళ్ళండి” అని 24వ తేదీ సాయంకాలం పంపినాను. దాని క్రింద ఆ సహపాఠిని ఒక మాట చేర్చినది. ఆమె నాన్నగారు మిరియాల పాలలో కొంచెం పసుపు కూడ వేసేవారట. ఉగాది తరువాత బృందంలో ఆమె వ్రాసిన మొదటి మాట అదియే.

ఈ ఏర్పాటుకు హద్దులున్నవి. 23 మంది ఒకరినొకరు ఎరిగినవారు గనుక మాకు సాధ్యమైనది. 80 మంది ఉన్న తరగతి బృందంలో ఎవరింట ఏమి జరిగినదో తెలియదు. అక్కడ ‘జరుపుకొంటున్నవారికి’ అనే మాటను విడువకుండుట, తేదీని సరిచూచుకొనుట మాత్రమే చేయగలం. అధ్యక్షులు, ప్రిన్సిపాలుగారు ఉన్న కళాశాల బృందంలో మరొక చిక్కు. అక్కడ శుభాకాంక్ష హాజరుపట్టీగా మారును. ఒకరు పంపినందున పంపకపోతే బాగుండదని మరొకరు పంపుదురు. పరీక్షల తేదీ గాని, ఫీజు గడువు గాని ఆ బొమ్మల క్రింద పడి విద్యార్థికి కనబడదు. కనుక కమిటీవారికి నా మనవి ఒక్కటే. కళాశాల బృందంలో ప్రతి పండుగకు కార్యాలయం పక్షాన ఒక్క సందేశం, తెలుగులోను ఉర్దూలోను, సరియైన రోజున వెలువడితే చాలును. ఆనాడు ఇతరులు పంపకున్నను లోపం లేదని ఆ సందేశంలోనే ఒక మాట చేర్చితే, మిగిలిన మాటలను ఎవరి మిత్రులకు వారు విడిగా వ్రాసుకొందురు.